కేస్ నోట్స్‌లో లేని ‘ఎ’, ‘ది’: ఓఈటీ రాస్తున్న ఒక డాక్టర్ ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నేను బెంగళూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఫిజీషియన్‌ని. మాది కడప జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మావారు ఉద్యోగం మీద ఇంగ్లండ్ వెళ్లారు. నేనూ అక్కడ ప్రాక్టీస్ చేయాలంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీలో లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ నాలుగింటిలోనూ బి గ్రేడ్ రావాలి. మూడింటిలో వచ్చింది, రైటింగ్ 330 దగ్గర ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో ఒక ట్యూటర్ దగ్గర చేరాను. నా ప్రాక్టీస్ లెటర్ దిద్ది ఆయన పంపిన మెయిల్ చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు ప్రతి లెటర్‌లోనూ ఒకేలా తప్పుతున్నాయి, ఇవి స్కూల్లోనే రావాల్సినవి’ అని రాసి పేజీ అంతా ఎర్రగా చేశారు. ఏది ఎందుకు తప్పో ఒక్క ముక్క రాయలేదు. తర్వాతి లెటర్ ఎంతో జాగ్రత్తగా రాస్తే తప్పులు ఇంకా పెరిగాయన్నారు. ఆయన నాకన్నా పదేళ్లు చిన్నవాడు. రోజంతా ఇంగ్లిష్‌లోనే రౌండ్స్ చేస్తాను, ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. మూడు వారాల్లో మళ్లీ పరీక్ష. వాయిదా వేయనా? ఐఈఎల్‌టీఎస్‌కి మారనా? ట్యూటర్‌ని మార్చనా? గ్రామర్ మొదటి నుంచి చదవనా? లెటర్లు, కేస్ నోట్స్, ఆయన మెయిల్స్ జతచేస్తున్నాను.
— ఒక డాక్టర్, బెంగళూరు

సమాధానం: డాక్టర్ గారూ, మీ రెండు లెటర్లనూ కేస్ నోట్స్ పక్కన పెట్టుకుని, ఒక్కో ఎర్ర గీతా చూస్తూ చదివాను. ట్యూటర్ దిద్దినవి దాదాపు అన్నీ సరైన దిద్దుబాట్లే. అయితే వాటిని రకాలుగా విడదీసి చూపించలేదు. జబ్బు పేరు చెప్పకుండా లక్షణాలన్నీ వరసగా రాసిచ్చిన కాగితంలా ఉంది ఆ మెయిల్. అందుకే మీకు పేజీ నిండా వేరువేరు తప్పులు ఉన్నట్టు కనిపించింది. విడదీసి చూస్తే అవి మూడు నాలుగు రకాలే, మళ్లీ మళ్లీ వచ్చాయి.

‘స్కూల్లోనే రావాల్సినవి’ అన్న మాట మనసులోంచి తీసేయండి. ఆ మాట నొప్పించేదే కాదు, తప్పు కూడా. ‘ప్రెజెంటెడ్ విత్’, ‘డిశ్చార్జ్‌డ్ ఆన్’ లాంటివి ఏ స్కూల్లోనూ చెప్పరు. తెలుగు మీడియం వల్లే ఇదంతా అని మీరు అనుకోవడమూ సరికాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన డాక్టర్లు కూడా ‘సిన్స్ టూ వీక్స్’ అనే రాస్తారు. రౌండ్స్‌లో ఎవరూ ఏమీ అనకపోవడానికి కారణం ఉంది. అక్కడ పేషంట్ ఎదురుగా మంచం మీద ఉంటాడు, ఫైలు చేతిలో ఉంటుంది. ‘పేషంట్ షిఫ్టెడ్ టు ఐసీయూ’ అంటే ఏ పేషంటో అందరికీ తెలుసు. లెటర్ చదివే జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గర మీ వాక్యం తప్ప ఇంకేమీ ఉండదు.

ఇప్పుడు ఆ తప్పులు లెటర్‌లో ఎక్కడ ఉన్నాయో చూడండి. మొదటి లెటర్‌లో ఎర్ర గీతలు ఎక్కువగా మొదటి రెండు పేరాల్లో ఉన్నాయి. చివరి పేరాలో, అంటే మీరు ఫలానా సాయం చేయమని అడిగే చోట, ఆర్టికల్ తప్పులు దాదాపు లేవు. అవి మీ సొంత వాక్యాలు. మొదటి రెండు పేరాలు కేస్ నోట్స్ నుంచి వచ్చినవి. కేస్ నోట్స్ అనేవే ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు తీసేసి రాసే రాత. పరీక్షలో ఐదు నిమిషాలు అవి చదివి, తర్వాతి నలభై నిమిషాల్లో వాటిని 180 నుంచి 200 మాటల లెటర్‌గా మార్చాలి. ఆ తొందరలో కన్ను నోట్స్ మీదే ఉంటుంది, చెయ్యి నోట్స్‌లో ఉన్నట్టే రాసుకుపోతుంది. ఇంగ్లిష్ రాకపోవడం వేరు, ఇది వేరు. నోట్స్‌ని వాక్యంగా విప్పేటప్పుడు జరిగే జారుడు ఇది. కాబట్టి మందు కూడా అక్కడే వేయాలి.

మీ మొదటి లెటర్‌లో ఒక్క పేరా తీసుకుందాం. పేషంట్ పేరు వదిలేస్తున్నాను. నోట్స్‌లో ఉన్నది ఇంతే: 62 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. ఛెస్ట్ పెయిన్, 2 వారాలు, మెట్లు ఎక్కితే. హైపర్‌టెన్షన్, 10 ఏళ్లు, ఆమ్లోడిపిన్. ఈసీజీ, నార్మల్. ఆమ్లోడిపిన్ 5 బాణం గుర్తు 10 మి.గ్రా.

మీరు రాసింది: ‘హి ఈజ్ 62-ఇయర్-ఓల్డ్ రిటైర్డ్ టీచర్ కేమ్ విత్ కంప్లయింట్ ఆఫ్ ఛెస్ట్ పెయిన్ సిన్స్ టూ వీక్స్. హి ఈజ్ నోన్ కేస్ ఆఫ్ హైపర్‌టెన్షన్ సిన్స్ టెన్ ఇయర్స్. ఈసీజీ వాజ్ టేకెన్ అండ్ ఈసీజీ వాజ్ నార్మల్. ఆమ్లోడిపిన్ వాజ్ ఇంక్రీజ్డ్ బై 10 ఎంజీ.’

ఇలా రాయొచ్చు: ‘హి ఈజ్ ఎ 62-ఇయర్-ఓల్డ్ రిటైర్డ్ టీచర్ హూ ప్రెజెంటెడ్ విత్ ఎ టూ-వీక్ హిస్టరీ ఆఫ్ ఛెస్ట్ పెయిన్ ఆన్ క్లైంబింగ్ స్టెయిర్స్. హి హాజ్ హాడ్ హైపర్‌టెన్షన్ ఫర్ టెన్ ఇయర్స్. యాన్ ఈసీజీ వాజ్ నార్మల్. హిజ్ ఆమ్లోడిపిన్ వాజ్ ఇంక్రీజ్డ్ ఫ్రమ్ 5 ఎంజీ టు 10 ఎంజీ.’

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ‘టీచర్’ ముందు ‘ఎ’ కావాలి, ఎందుకంటే ఆయన టీచర్లలో ఒకరు. మనిషి వృత్తి చెప్పినా, అలవాటు చెప్పినా ఇంతే: ‘ఎ స్మోకర్’, ‘ఎ విడో’, ‘ఎ రిటైర్డ్ డ్రైవర్’. నోట్స్‌లో ‘స్మోకర్, రోజుకు 20’ అని ఉంటుంది, అదే మీ వాక్యంలోకి ‘హి ఈజ్ స్మోకర్’ అయి వస్తుంది. అదే పేరాలో ‘హైపర్‌టెన్షన్’ ముందు మాత్రం ఏమీ లేదు. మీకు తికమక పుట్టిన చోటు సరిగ్గా ఇదే. ఒక చోట పెట్టమంటారు, ఇంకో చోట తీసేయమంటారు, కారణం చెప్పరు.

కారణం ఏమిటంటే, దీర్ఘకాలం ఉండే జబ్బుల పేర్లు, ఒంట్లో ఉండే స్థితుల పేర్లు లెక్కపెట్టేవి కావు. డయాబెటిస్, ఆస్థమా, హైపర్‌టెన్షన్, నిమోనియా, అనీమియా, నాజియా, డయేరియా: వీటికి ముందు ఆర్టికల్ అక్కర్లేదు. ఒకసారి వచ్చిపోయే సంఘటన, ఒంటి మీద వేలుపెట్టి చూపగలిగే వస్తువులాంటిది అయితే లెక్కలోకి వస్తుంది: ‘ఎ స్ట్రోక్’, ‘ఎ హార్ట్ ఎటాక్’, ‘ఎ ఫ్రాక్చర్’, ‘ఎ రాష్’, ‘యాన్ అల్సర్’, ‘ఎ హెడేక్’, ‘ఎ కాఫ్’. కాబట్టి రాసే ముందు మిమ్మల్ని మీరు ఒకటే అడగండి: ఈయనకు ఇది రెండోసారి వచ్చింది, మూడోసారి వచ్చింది అని లెక్కపెట్టి, మాట చివర బహువచనం ‘ఎస్’ తగిలిస్తే సహజంగా ఉంటుందా? ‘టూ స్ట్రోక్స్’ బాగుంది, కాబట్టి ‘ఎ స్ట్రోక్’. ‘టూ హైపర్‌టెన్షన్స్’ అనం, కాబట్టి ఖాళీ. ఈ పరీక్షకు లొంగనివి కొన్ని ఉన్నాయి. ‘ఫీవర్’ని ఆర్టికల్‌తోనూ రాస్తారు, లేకుండానూ రాస్తారు, దాని గురించి టెన్షన్ పడకండి. మందుల పేర్లకు మాత్రం అనుమానం లేదు. మెట్‌ఫార్మిన్, పారాసిటమాల్ ముందు ఏమీ వద్దు. కానీ ‘ఎ కోర్స్ ఆఫ్ అమాక్సిసిలిన్’ అన్నప్పుడు లెక్క ‘కోర్స్’ది.

మీ రెండో లెటర్ ఎందుకు ఇంకా పాడైందో ఇప్పుడు అర్థమవుతుంది. మొదటి మెయిల్ చూసి భయపడి, కనిపించిన ప్రతి నామవాచకం ముందూ ‘ది’ పెట్టారు. ‘ది హైపర్‌టెన్షన్’, ‘ది మెట్‌ఫార్మిన్’, ‘ది పెయిన్ ఇన్ ది లెఫ్ట్ నీ’ అని మొదటి వాక్యంలోనే. ఇలా దిద్దించుకున్న చాలామందికి రెండో లెటర్ ఇలాగే వస్తుంది. కొత్త జబ్బు పుట్టిందని అనుకోకండి, డోసు ఎక్కువైంది అంతే. ‘ది’ అంటే చదివేవాడికి అది ఏదో ఇప్పటికే తెలుసని మీరు మాట ఇస్తున్నట్టు. మొదటి వాక్యంలోనే ‘ది ఫ్రాక్చర్’ అన్నారనుకోండి, జీపీ ‘ఏ ఫ్రాక్చర్? ఇంతకుముందు లెటర్ ఏదైనా నాకు అందలేదా?’ అని వెతుక్కుంటాడు. మొదటిసారి ‘ఎ కాఫ్’ అని పరిచయం చేసి, రెండో వాక్యంలో ‘ది కాఫ్ ఈజ్ వర్స్ ఎట్ నైట్’ అంటే సరిపోతుంది.

చాలాచోట్ల అసలు ‘ఎ’, ‘ది’ గొడవే లేకుండా ‘హిజ్’, ‘హర్’ వాడేయొచ్చు. ఒంటి భాగాలు, బీపీ, బరువు, మందులు, కుటుంబసభ్యులు: ఇవన్నీ ఆ మనిషివే కాబట్టి ‘హర్ బ్లడ్ ప్రెషర్’, ‘హిజ్ లెఫ్ట్ నీ’, ‘హర్ డాటర్’. మీ లెటర్‌లో ‘షి లివ్స్ విత్ డాటర్’ అని ఉంది. అక్కడ ‘హర్’ పెడితే అయిపోయింది. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ‘హర్’ ఉన్న చోట ‘ది’ ఉండకూడదు.

‘ఎ’నా ‘యాన్’నా అన్నదానికి తెలుగువాళ్లకు ఒక సుళువు ఉంది. ఆ మాటను మనసులో తెలుగు లిపిలో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’. ఎంఆర్ఐ, ఎక్స్‌రే, ఈసీజీ, అల్ట్రాసౌండ్, ఎయిటీ-ఇయర్-ఓల్డ్, అవర్: అన్నీ అచ్చులే. యూరిన్ టెస్ట్, యూనిట్, వన్-వీక్: ఇంగ్లిష్‌లో అచ్చక్షరంతో మొదలైనా మనం రాసేటప్పుడు హల్లే, కాబట్టి ‘ఎ’. ఇది కొన్నిచోట్ల మోసం చేస్తుంది. ‘యాంటీబయాటిక్’, ‘యాంజియోగ్రామ్’ లాంటివి మనం ‘యా’తో రాసినా ఇంగ్లిష్‌లో మొదటి శబ్దం అచ్చే, కాబట్టి ‘యాన్’. మనం ‘హెచ్‌ఐవీ’, ‘హెచ్‌బీఏ1సీ’ అని హల్లుతో అంటాం, ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణలో ఆ అక్షరం ‘ఎయిచ్’. అందుకని ‘యాన్ హెచ్‌ఐవీ టెస్ట్’ అనే రాయాలి.

ఆర్టికల్ పోతే అర్థం మారిపోయే చోటు ఒకటుంది, దాన్ని ట్యూటర్ కూడా మిగతావాటితో కలిపి మామూలుగా దిద్దేసి వదిలేశారు. మీ రెండో లెటర్‌లో ‘షి హాజ్ ఫ్యూ కన్సర్న్స్ అబౌట్ ది సర్జరీ’ అని రాశారు. ఆమెకు కొన్ని భయాలు ఉన్నాయి, వాటి గురించి మాట్లాడండి అని మీ ఉద్దేశం. కానీ ‘ఫ్యూ’ ఒంటరిగా ఉంటే ‘దాదాపు లేవు’ అని అర్థం. ‘ఎ ఫ్యూ’ అంటేనే ‘కొన్ని ఉన్నాయి’. ‘లిటిల్ పెయిన్’, ‘ఎ లిటిల్ పెయిన్’ కూడా ఇంతే. మొదటిది చదివిన డాక్టర్ నొప్పి లేనట్టే అనుకుంటాడు, రెండోది చదివినవాడు ఉందనుకుంటాడు. పేజీలో ఇరవై చోట్ల ఆర్టికల్ పోయినా అర్థం అందుతుంది, ఇక్కడ ఒక్క ‘ఎ’ పోతే తారుమారవుతుంది. ముందు పట్టుకోవాల్సిన తప్పు ఇది.

ప్రిపోజిషన్లలో దీనికి జోడీ మీ ఆమ్లోడిపిన్ వాక్యం. ‘ఇంక్రీజ్డ్ బై 10 ఎంజీ’ అంటే 5 ఉన్నది 15 అయిందని. ‘ఇంక్రీజ్డ్ టు 10 ఎంజీ’ అంటే 10 అయిందని. ఆమ్లోడిపిన్‌కి పెద్దలకు రోజుకు మామూలుగా వాడే గరిష్ఠ మోతాదు 10 మి.గ్రా. అన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. తెలుగులో చెప్పమంటే మీరు ‘పదికి పెంచాం’ అనే అంటారు, ‘పది పెంచాం’ అనరు. అంటే తేడా మీకు తెలుసు. నోట్స్‌లో బాణం గుర్తు ఉంది, బాణానికి మాట లేదు, చేతికి అందిన మాట పడింది. అందుకని బాణం కనిపిస్తే కళ్లు మూసుకుని ‘ఫ్రమ్... టు’ రెండూ రాయండి. ‘ఫ్రమ్’ ముందు రాస్తే ‘బై’ వచ్చే సందే ఉండదు. బరువు తగ్గడం, హెచ్‌బీఏ1సీ పెరగడం, అన్నిటికీ ఇదే.

మిగతా ప్రిపోజిషన్ తప్పులు అర్థం చెడగొట్టేవి కావు గానీ, చదివేవాడిని ప్రతి వాక్యంలోనూ కొంచెం ఆపుతాయి. అందులో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చింది ‘సిన్స్’. మనం ‘రెండు వారాల నుంచి నొప్పి’, ‘2015 నుంచి బీపీ’ అని రెండిటికీ ‘నుంచి’ వాడతాం. ఇంగ్లిష్‌లో మొదలైన తేదీ చెబితే ‘సిన్స్’, ఎంత కాలమో చెబితే ‘ఫర్’. ‘సిన్స్ 2015’, ‘ఫర్ టెన్ ఇయర్స్’. నోట్స్‌లో ఏడాది నంబరు ఉందా, ఎన్నేళ్లో లెక్క ఉందా చూసుకుంటే చాలు. లేకపోతే ‘ఎ టూ-వీక్ హిస్టరీ ఆఫ్’ అని రాసేయండి. రెండిటి గొడవా ఉండదు, బ్రిటన్ డాక్టర్లు రాసే పద్ధతీ అదే. ‘నోన్ కేస్ ఆఫ్’ మన హాస్పిటళ్లలో ప్రతి డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఉంటుంది. దాని బదులు ‘హి హాజ్ ఎ హిస్టరీ ఆఫ్’ అనండి.

తర్వాతది, మీ చివరి పేరాలో ఉన్న రకం. ‘డిస్కస్ అబౌట్’, ‘రిక్వెస్ట్ ఫర్ యువర్ ఒపీనియన్’, ‘కాంటాక్ట్ టు మి’. మనకు ‘గురించి’, ‘కోసం’, ‘కి’ లేకుండా వాక్యం కుదరదు కాబట్టి అక్కడ ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. ‘డిస్కస్’, ‘కాంటాక్ట్’ క్రియలకు నేరుగా కర్మ వస్తుంది, మధ్యలో ఏదీ వద్దు: ‘ప్లీజ్ డిస్కస్ ది రిజల్ట్స్ విత్ హిజ్ ఫ్యామిలీ’. ‘రిక్వెస్ట్’ క్రియ అయినప్పుడు ‘ఫర్’ వద్దు, నామవాచకం అయినప్పుడు (‘ఎ రిక్వెస్ట్ ఫర్’) కావాలి. ‘ఎక్స్‌ప్లెయిన్’కి తిరగేసిన కథ, అక్కడ మీరు వదిలేసిన ‘టు’ కావాలి: ‘ఎక్స్‌ప్లెయిన్డ్ టు హర్’.

ప్రిపోజిషన్లను ఒంటరిగా బట్టీ పడితే ఏమీ రాదు. క్రియతో కలిపి, మీ పేషంట్ వాక్యంలోనే పెట్టి రాసుకోండి. ఓఈటీ మెడిసిన్ లెటర్‌కి అవసరమైనవి కొన్నే. లక్షణాలతో వస్తే ‘ప్రెజెంటెడ్ విత్’, చెప్పుకుంటే ‘కంప్లెయిన్డ్ ఆఫ్’. చేర్చుకుంటే ‘అడ్మిటెడ్ టు హాస్పిటల్’, మన అలవాటు ప్రకారం ‘ఇన్’ కాదు. జబ్బు తేలితే ‘డయాగ్నోజ్డ్ విత్’. జబ్బుకు ‘ట్రీటెడ్ ఫర్’, మందుతో ‘ట్రీటెడ్ విత్’: ‘ట్రీటెడ్ ఫర్ నిమోనియా విత్ అమాక్సిసిలిన్’. పడనిది ‘అలర్జిక్ టు’. ఆపరేషన్ అయితే ‘ఆపరేటెడ్ ఆన్’, చివరి ‘ఆన్’ మన దగ్గర అందరూ వదిలేస్తారు. ఇంటికి పంపితే ‘డిశ్చార్జ్‌డ్ ఫ్రమ్’, మందులు వాడుతూ వెళ్తే ‘డిశ్చార్జ్‌డ్ ఆన్ మెట్‌ఫార్మిన్’. ఇవి మీ చేతికి అలవాటైతే మీ రెండు లెటర్లలోని ప్రిపోజిషన్ గీతల్లో చాలావరకు పోతాయి.

ఇక మీ నాలుగు ప్రశ్నలు. వాటికంటే ముందు ఒక సంగతి. మీకు 330 రావడానికి ఆర్టికల్స్ ఒక్కటే కారణం అనుకోకండి. ఓఈటీ రైటింగ్‌ని ఆరు అంశాల మీద దిద్దుతారు. లెటర్ ఉద్దేశం స్పష్టంగా ఉందా అన్నదానికి 3 మార్కులు, మిగతా ఐదింటికి ఒక్కోదానికి 7. మొత్తం 38లో భాష, అంటే గ్రామర్, మాటలు, స్పెల్లింగ్ అన్నీ కలిపి, 7. మీ మొదటి లెటర్‌లో చిన్నప్పటి అపెండిక్స్ ఆపరేషన్, పెళ్లయిన సంవత్సరం కూడా ఉన్నాయి. గుండె డాక్టర్‌కి అవి అక్కర్లేదు. లెటర్ 260 మాటలు దాటింది. నోట్స్‌లో ఉన్నవన్నీ దించడం వల్ల ఏది అవసరమో ఎంచుకోవడంలోనూ, క్లుప్తతలోనూ మార్కులు పోతాయి. అంటే నోట్స్‌ని అలాగే దించే అలవాటు భాషలోనూ, ఈ రెండింటిలోనూ మిమ్మల్ని దెబ్బతీస్తోంది. ట్యూటర్ ఎర్ర సిరా అంతా గ్రామర్ మీదే పెట్టడంతో ఇది మీ కంటికి ఆనలేదు.

గ్రామర్ మొదటి నుంచి చదివితే నష్టం లేదు, కానీ మూడు వారాల్లో అది టెన్సులు దాటదు. టెన్సుల్లో మీకు ఇబ్బంది లేదు. మీకున్న సమయం మీకు లేని జబ్బుకు ఖర్చవుతుంది.

ఐఈఎల్‌టీఎస్‌కి మారితే ఆర్టికల్స్ మీతోపాటే వస్తాయి. అక్కడ రైటింగ్‌లో గ్రామర్‌కి విడిగా నాలుగో వంతు మార్కులు, మాటల వాడకానికి ఇంకో నాలుగో వంతు. బ్రిటన్‌లో డాక్టర్లను రిజిస్టర్ చేసే జీఎంసీకి ఒక్కోదానిలో 7, మొత్తం మీద 7.5 రావాలి. వ్యాసం సమాజం గురించో రవాణా గురించో ఉంటుంది. లెక్కపెట్టే మాటలా కాదా అన్న ప్రశ్న అక్కడ జబ్బుల పేర్లకన్నా కష్టంగా వస్తుంది. మీకు ఇప్పటికే చేతికి పట్టుబడిన వైద్య భాష అక్కడ అక్కరకు రాదు. వ్యాసాలు రాయడం అంటే ఇష్టం ఉండి, నెలల తరబడి సమయం ఉన్నవాళ్లకైతే అది మంచి దారే. మీ పరిస్థితిలో నేనైతే అటు వెళ్లను. కానీ ఓఈటీ లెటర్ రూపమే మీకు విసుగు పుట్టిస్తోందంటే ఆలోచించండి.

పరీక్ష వాయిదా అన్నది అసలైన ప్రశ్న. జీఎంసీ నాలుగు విభాగాల్లోనూ ఒకే సిట్టింగ్‌లో బి అడుగుతుంది. కాబట్టి మళ్లీ రాసినప్పుడు రైటింగ్‌తోపాటు మిగతా మూడూ మళ్లీ రావాలి. తొందరపడి రాస్తే డబ్బుతోపాటు ఈ మూడింటినీ మళ్లీ పణంగా పెడుతున్నారు. వాయిదా వేస్తే ఇంగ్లండ్ వెళ్లడం వెనక్కి జరుగుతుంది. మీరు మీవారికి దూరంగా ఉన్నారు కాబట్టి అది చిన్న విషయం కాదు. ఇక్కడ నా మాట కన్నా మీ చేతి రాత చెప్పేది నమ్మండి. ఈ వారం కొత్త కేస్ నోట్స్ తీసుకుని, గడియారం పెట్టుకుని, రెండు లెటర్లు రాయండి. రాసేటప్పుడు ఒక్కో నోట్‌నూ చదివి, దాని మీద నుంచి కన్ను తీసేసి, వాక్యం నోటితో చిన్నగా అనుకుని, అప్పుడు రాయండి. కొంచెం నెమ్మదిస్తుంది. అనవసరమైన నోట్స్ వదిలేస్తే ఆ సమయం తిరిగి వస్తుంది.

చివరి ఐదు నిమిషాలు దిద్దుకోవడానికి ఉంచుకోండి. దిద్దుకునేటప్పుడు అన్నీ ఒకేసారి వెతకొద్దు. ముందు అంకెల దగ్గరికి వెళ్లండి: ప్రతి డోసు పక్కన ‘టు’నా ‘బై’నా, ప్రతి కాలం పక్కన ‘ఫర్’నా ‘సిన్స్’నా. ‘ఫ్యూ’, ‘లిటిల్’ ఉంటే అక్కడ ఆగండి. తర్వాత చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి వెనక్కి వస్తూ, ఏకవచనంలో ఉన్న లెక్కపెట్టే మాట ప్రతిదాని ముందూ ‘ఎ’, ‘ది’, ‘హిజ్’ లాంటిది ఏదో ఒకటి ఉందా చూడండి. వెనక నుంచి రావడం ఎందుకంటే, ముందు నుంచి చదివితే అర్థం మిమ్మల్ని లాక్కుపోతుంది, ఖాళీ కనిపించదు.

రెండో లెటర్‌లో అర్థం మార్చే తప్పు ఒక్కటీ లేకుండా, జారిపోయిన ఆర్టికల్స్ రెండు మూడుకు తగ్గితే, లెటర్ 200 మాటల దగ్గర ఆగితే, అనుకున్న తేదీకే రాసేయండి. ‘టు’, ‘బై’ మళ్లీ తప్పినా, లెటర్ మళ్లీ 250 దాటినా వాయిదా వేయండి. మధ్యలో ఉంటే, రిస్కు భరించగలరా లేదా అన్నది మీరు, మీవారు కలిసి మాట్లాడుకోవాల్సిన విషయం. డేటు మార్చుకోవడానికి గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం ఈరోజే చూసుకోండి.

ట్యూటర్‌ని ఇప్పుడే మార్చొద్దని నా అభిప్రాయం. కొత్తాయన మీ తప్పులు అలవాటు చేసుకునేలోపు మూడు వారాలు అయిపోతాయి. ఈయన కన్ను మంచిది, చెప్పే తీరు బాగోలేదు. వయసు గురించి మీకున్న ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ దాన్ని మెయిల్‌లోకి రానివ్వకండి. ఆయనకు ఇలా రాయండి: ‘దిద్దినందుకు థాంక్స్. వచ్చే లెటర్ నుంచి ప్రతి తప్పు పక్కన ఒక అంకె వేయండి. నోట్స్ నుంచి జారిపోయిన ఆర్టికల్‌కి 1, అక్కర్లేని ‘ది’కి 2, తప్పు ప్రిపోజిషన్‌కి 3, అర్థం మార్చేదానికి 4. నేను అక్కర్లేకపోయినా రాసిన సమాచారం ఏదైనా ఉంటే దాని కింద గీత గీయండి. స్కూల్ సంగతి వద్దు, నాకు అది ఉపయోగపడలేదు.’ ఇది ఆయనకు అదనపు పని కాదు. ఒప్పుకుని చేస్తే మీకు కావలసిన ట్యూటర్ దొరికినట్టే. చేయకుండా మళ్లీ ఎర్ర పేజీయే పంపితే, అప్పుడు మార్చండి. ఆ కొత్తాయనకు మొదటి రోజే ఈ అంకెల పద్ధతి చెప్పి మొదలుపెట్టండి.